పరిహాసం – పరాభవం: నిరపాయ ఉల్లంఘన సిద్ధాంతం వెలుగులో తెలుగు వెక్కిరింత

ఒకే మాట ఒకచోట నవ్వు పుట్టిస్తుంది, మరొకచోట మనసు విరిచేస్తుంది. పెళ్లి పందిట్లో వియ్యపురాలిని తిండిపోతని, పిసినారి అని పాటకట్టి పాడితే ఆమెతో సహా అందరూ నవ్వుతారు. అదే మాటను మర్నాడు వంటింట్లో మామూలు గొంతుతో అంటే రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. మాట మారలేదు, అర్థం మారలేదు, అన్నవారూ పడ్డవారూ మారలేదు. మారినదేమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. దీనికి సమాధానంగా ఇటీవలి మనస్తత్వశాస్త్రం ప్రతిపాదించిన ‘నిరపాయ ఉల్లంఘన’ భావనను పరిచయం చేసి, పెళ్లిపాటలు, ‘చింతామణి’ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర, తెలుగు సినిమాలో తెలంగాణ యాస అనే మూడు సందర్భాలలో దానిని పరీక్షించడం ఇక్కడి ప్రయత్నం. ఆ భావన ఎంతవరకు వివరిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న రెండు విషయాలూ తేలితేనే పరిహాసానికీ పరాభవానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం సాధ్యమవుతుంది.

1. సిద్ధాంత స్వరూపం

నవ్వుకు కారణం ఎదుటివాడిమీద ఆధిక్యభావమని హాబ్స్ పదిహేడో శతాబ్దిలో చెప్పాడు. ఇతరుల లోపం చూసినప్పుడు తన గొప్పతనం హఠాత్తుగా స్ఫురించడమే ఆయన దృష్టిలో నవ్వు. ఈ వాదం వెక్కిరింతకు బాగానే సరిపోతుంది కాని, వెక్కిరింతకు గురైనవాడు కూడా నవ్వే సందర్భాన్ని వివరించలేదు. తన మీద తానే ఆధిక్యాన్ని ఎవడూ అనుభవించడు. ఊహించినదానికీ జరిగినదానికీ పొంతన కుదరకపోవడమే హాస్యమన్న మరో వాదానికి ఇంకో చిక్కు ఉంది. పొంతన కుదరని ప్రతిదీ నవ్వు పుట్టించదు. పెళ్లింట్లో చావు కబురు వస్తే అంతకు మించిన అసంగతి లేదు, అయినా ఎవరూ నవ్వరు.

1998లో టామస్ వీచ్ అనే భాషాశాస్త్రవేత్త ఈ చిక్కును విడదీసే దారి చూపించాడు. ఒక పరిస్థితి సవ్యంగా ఉన్నట్టూ, అదే సమయంలో అందులో ఏదో మర్యాద భంగమైనట్టూ మనసుకు ఏకకాలంలో తోచినప్పుడే హాస్యం పుడుతుందని ఆయన ప్రతిపాదన. 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ దీనినే ప్రయోగాలతో పరీక్షించి ‘నిరపాయ ఉల్లంఘన’ అన్న పేరుతో స్థిరపరచారు. ఇందులో మూడు షరతులున్నాయి. లోకం ఎలా ఉండాలన్న మనిషి నమ్మకాన్ని ఏదో ఒకటి అతిక్రమించాలి. ఆ అతిక్రమణ వల్ల ప్రమాదం లేదని తోచాలి. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటిగా కాక ఒకేసారి తోచాలి. ఉల్లంఘన లేకపోతే విషయం చప్పగా ఉంటుంది. నిరపాయత లేకపోతే అది కోపమో భయమో ఏవగింపో అవుతుంది.

ఉల్లంఘన నిరపాయంగా తోచడానికి వారు మూడు మార్గాలు చెప్పారు. మొదటిది, ఒక కట్టుబాటు ప్రకారం తప్పయినదాన్ని మరొక కట్టుబాటు సమ్మతించడం. రెండవది, భంగమైన కట్టుబాటు మీద చూసేవారికి అంత పట్టింపు లేకపోవడం. మూడవది, జరిగినదానికీ తమకూ మధ్య మానసికంగా దూరం ఉండటం. రెండవ మార్గాన్ని పరీక్షించడానికి వారు ఎంచుకున్న ఉదంతాలలో ఒకటి ఆసక్తికరం. ఒక చర్చి కొత్త సభ్యులను ఆకర్షించడానికి లాటరీలో ఖరీదైన పెద్ద కారును బహుమతిగా ప్రకటిస్తుంది. క్రమం తప్పక చర్చికి వెళ్లేవారి కంటే వెళ్లనివారికే ఆ ఉదంతం ఎక్కువ నవ్వు తెప్పించింది. అది తగని పనేనన్న భావం వెళ్లనివారికి లేక కాదు. పవిత్రత మీద వారికి పట్టింపు తక్కువ కాబట్టి, తగని పని వారిని గాయపరచలేదు.

దూరం విషయంలో అదే పరిశోధకుల బృందం తర్వాత చేసిన పని మరింత సూక్ష్మమైనది. పెద్ద విపత్తు దూరమైన కొద్దీ నవ్వులోకి వస్తుంది, చిన్న పొరపాటు దగ్గరలో ఉంటేనే నవ్వు తెప్పిస్తుంది అని 2012లో వారు చూపించారు. ఆ ఏడాదే అమెరికా తీరాన్ని తాకిన శాండీ తుపాను మీద హాస్యోక్తులను వేర్వేరు తేదీలలో జనానికి చూపి అడిగినప్పుడు, తుపాను ముంచెత్తిన రోజులలో వాటికి నవ్వు తగ్గి, సుమారు 5 వారాలకు పెరిగి, ఆపైన మళ్లీ తగ్గిపోయింది. మరీ దగ్గరైతే నొప్పి, మరీ దూరమైతే నిర్లిప్తత. నవ్వు ఆ రెండింటి నడుమ ఉండే సన్నని పట్టీ.

2. అలంకారశాస్త్రంతో పోలిక

ఈ భావన భారతీయ కావ్యశాస్త్రానికి పూర్తిగా కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యరసానికి చెప్పిన విభావాలన్నీ ఏదో ఒక వికృతికి చెందినవే. వికృత వేషం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, దోషాలను ఎత్తిచూపడం వంటివన్నీ ఉండవలసిన తీరు తప్పిన స్థితులు. అభినవగుప్తుడు దీనిని ఒక సూత్రంగా మలిచి, అనౌచిత్యంతో కూడిన ప్రవృత్తే హాస్యానికి విభావమవుతుందని వ్యాఖ్యానించాడు. సీత మీద రావణుడి కామం శృంగారం కాక శృంగారాభాసం కావడానికీ, అది హాస్యం వైపు జారడానికీ ఈ అనౌచిత్యమే కారణం. ఉల్లంఘన అనే సగం ఇక్కడ స్పష్టంగానే ఉంది.

నిరపాయత అనే రెండో సగం మాత్రం భరతుని విభావాల పట్టికలో విడిగా కనిపించదు. అందుకు కారణం వెతకడం కష్టం కాదు. నాట్యశాస్త్రం మాట్లాడేది రంగస్థలం గురించి. అక్కడ విదూషకుడు తిన్న దెబ్బ నిజమైన దెబ్బ కాదు. నటుడికీ పాత్రకూ, పాత్రకూ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న ఎడమే నిరపాయతను ముందుగానే సమకూర్చిపెడుతుంది. కాబట్టి దానిని ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం శాస్త్రకారుడికి కలగలేదనుకోవచ్చు. చిక్కల్లా రంగస్థలం మీది మాట ఊళ్లోకి నడిచివచ్చినప్పుడు, అంటే పాత్ర పేరు ప్రేక్షకులలో ఒకరికి తగులుకున్నప్పుడు మొదలవుతుంది. భరతుడు విభావాలలో అంగవైకల్య దర్శనాన్ని కూడా చేర్చాడు. రంగం మీద కృత్రిమంగా చూపిన వైకల్యం వేరు, అదే వైకల్యం నిజంగా ఉన్న మనిషి ముందు వరుసలో కూర్చుని చూడటం వేరు. ఈ తేడాను గుర్తించడానికి నిరపాయత అనే రెండో సగం తప్పనిసరి.

3. వియ్యాలవారి పాటలు: లైసెన్సు, దాని హద్దులు

తెలుగు పెళ్లిళ్లలో ఆడపెళ్లివారి తరఫు స్త్రీలు మగపెళ్లివారిని, ముఖ్యంగా వరుడి తల్లిని వెక్కిరిస్తూ పాడటం చాలాకాలం సాగిన వేడుక. విందు వేళ, బంతి సాగుతుండగా వియ్యపురాలి ఆకలిని, పిసినారితనాన్ని, నగల నాణ్యతను, కొన్నిచోట్ల శీలాన్ని కూడా పాటలో ఎత్తిపొడుస్తారు. ఇవన్నీ మామూలు రోజుల్లో నోట రాగూడని మాటలు. వియ్యంకులకు చేయవలసిన మర్యాదకు ఇంతకు మించిన ఉల్లంఘన లేదు. అయినా వాటిని నిరపాయం చేసే ఏర్పాట్లు ఆ వేడుకలోనే ఉన్నాయి.

మొదటి ఏర్పాటు, పైన చెప్పిన ప్రత్యామ్నాయ కట్టుబాటు. పెళ్లి వేడుకకు తనదైన నియమం ఉంది. అక్కడ తిట్టకపోతేనే వెలితి. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో పరిహాస సంబంధాల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీనిని అనుమతి పొందిన అమర్యాదగా వివరించాడు. వివాహం రెండు కుటుంబాలను కలుపుతూనే వాటి వేరుతనాన్ని నిలిపి ఉంచుతుంది. ఈ కలయికా ఎడబాటూ కలిసి ఉన్న చోట ఘర్షణను తప్పించడానికి రెండు దారులున్నాయి: ఒకటి అతి మర్యాద, రెండవది నియమబద్ధమైన అమర్యాద. తెలుగు బంధుత్వంలో అల్లుడికీ అత్తగారికీ మధ్య మొదటిది, బావామరదళ్ల మధ్య రెండవది నడుస్తాయి. వియ్యపురాళ్ల మధ్య ఏడాది పొడుగునా మొదటిదే నడిచి, పెళ్లినాడు మాత్రం రెండవదానికి తలుపు తెరుచుకుంటుంది.

రెండవ ఏర్పాటు అతిశయోక్తి. పాటలోని వియ్యపురాలు గంగాళాలకు గంగాళాలు తినేస్తుంది. అంత తినే మనిషి లోకంలో లేదు కాబట్టి ఆ మాట ఎదుట కూర్చున్న మనిషి మీద పూర్తిగా వాలదు. అది వియ్యపురాలు అనే స్థానాన్ని తిట్టడమే కాని ఆ స్థానంలో ఉన్న వ్యక్తిని కాదు. అందుకే అదే పాట ఏ పెళ్లిలోనైనా, ఏ వియ్యపురాలి మీదనైనా పేరు మార్చి పాడవచ్చు. మూడవది, బదులు చెప్పే వీలు. మగపెళ్లివారి స్త్రీలకూ గొంతుంది, వారికీ పాటలు వచ్చు. నాలుగవది, ముగింపు. విందు ముగిసి తాంబూలం చేతికి అందగానే పాట ఆగిపోతుంది, మళ్లీ ఆమె ‘వదినగారే’.

ఈ నాలుగింటిలో ఏది తప్పినా నవ్వు ఎలా చెదిరిపోతుందో ఊహించడం కష్టం కాదు. నిజంగా నగలు కుదువపెట్టి పెళ్లికి వచ్చిన తల్లి మీద గిల్టు నగల పాట పాడితే అతిశయోక్తి అన్న కవచం తొలగిపోతుంది. మాట నిజాన్ని తాకిన క్షణంలో ఉల్లంఘన మిగులుతుంది, నిరపాయత పోతుంది. పాడేవారికి ఆ సంగతి తెలియకపోతే అది పొరపాటు. తెలిసి పాడితే క్రూరత్వం. తెలియని మూడో వరుసవారు మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకేలా నవ్వుతారు.

దిశ మారినప్పుడు కనిపించే తేడా ఇంకా ముఖ్యమైనది. పెళ్లి నాటి అంతస్తులో ఆడపెళ్లివారిది కింది మెట్టు. కాళ్లు కడిగేది వారు, కట్నం ఇచ్చేది వారు, పిల్లను పంపేది వారు. కాబట్టి వారి వెక్కిరింత కింది నుంచి పైకి పోతుంది. ఒక్కపూట పాటు తారుమారయ్యే ఆ అంతస్తు మర్నాటికి యథాస్థానానికి వస్తుందని అందరికీ తెలుసు. వియ్యపురాలికి పోయేదేమీ లేదు. ఇప్పుడు మగపెళ్లివారి వైపు నుంచి ఒక స్త్రీ నవ్వుతూనే పెళ్లికూతురి చామనఛాయ మీద ఒక మాట అన్నదనుకుందాం. పైకి చూస్తే అదే వేడుక, అదే లైసెన్సు, అదే గొంతు. కాని ఆ మాట స్థానాన్ని కాక శరీరాన్ని తాకుతుంది, అతిశయోక్తి కాక వాస్తవంగా వినిపిస్తుంది. అన్నిటికంటే మించి, విందుతో అది ముగియదు. ఆ పిల్ల మర్నాటి నుంచి ఆ మాట అన్నవారి ఇంట్లోనే బతకాలి. బదులు చెప్పే చనువు ఆమెకు లేదు. ‘సరదాకి అన్నానమ్మా, అంత పట్టించుకుంటే ఎలా?’ అన్న అత్తగారి మాటలో సరదా ఎవరిదో, పట్టింపు ఎవరిదో ఈ సిద్ధాంతం విడమరచి చూపగలదు. మాట అన్నవారికి అది నిరపాయం. కారణం, ఆ మాటతో బతకవలసింది వారు కాదు.

4. సుబ్బిశెట్టి: పాఠ్యం నుంచి ప్రదర్శనకు

కాళ్లకూరి నారాయణరావు (1871–1927) తన నాటకాలలో ఒక్కొక్క సాంఘిక దురాచారాన్ని లక్ష్యంగా తీసుకున్నారు. ‘వరవిక్రయం’లో కట్నం, ‘మధుసేవ’లో మద్యపానం, ‘చింతామణి’లో వేశ్యాలోలత్వం. లీలాశుకుడిగా ప్రసిద్ధి పొందిన బిల్వమంగళుడి కథను ఆధారం చేసుకున్న ‘చింతామణి’లో వేశ్య మోజులో ఆస్తులు పోగొట్టుకునే విటులలో సుబ్బిశెట్టి ఒకడు. శతాబ్దం పాటు రంగస్థలాన్ని ఏలిన ఈ నాటకం ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్య సంఘాలు చేసిన ఫిర్యాదు అందుకు ప్రాతిపదిక. నిషేధాన్ని వ్యతిరేకిస్తూ కళాకారులు గళమెత్తారు, వివాదం హైకోర్టుకు చేరింది. నూరేళ్లు నవ్వించిన పాత్ర పరాభవంగా ఎలా మారిందన్న ప్రశ్నకు రెండు పక్షాలూ ఇచ్చిన సమాధానాలు సగం సగమే. ఒకరు ‘ఎప్పుడూ అది అవమానమే’ అన్నారు. మరొకరు ‘హాస్యాన్ని హాస్యంగా చూడాలి’ అన్నారు.

నిరపాయ ఉల్లంఘన దృష్టితో చూస్తే పాఠ్యానికీ ప్రదర్శనకూ మధ్య జరిగిన మార్పు స్పష్టపడుతుంది. కాళ్లకూరి రచనలో వెక్కిరింతకు గురయ్యేది ఒక వ్యసనం. ఆ వ్యసనంలో సుబ్బిశెట్టి ఒంటరివాడు కాడు. బ్రాహ్మణుడైన భవానీశంకరం కూడా అదే గుమ్మం దగ్గర అదే విధంగా ఆస్తి పోగొట్టుకుంటాడు. నాటకానికి కేంద్రమైన బిల్వమంగళుడూ అదే దారి తొక్కినవాడే. చివరకు చింతామణి మనసు భక్తి వైపు తిరుగుతుంది. కాబట్టి విటుడి మీద విసిరిన మాట ఒక పెద్ద చట్రంలో ఇమిడి ఉంది. సంస్కరణ అనే ప్రత్యామ్నాయ కట్టుబాటు ఆ వెక్కిరింతకు సమ్మతినిచ్చింది, దెబ్బ అన్ని కులాల విటుల మీదా పంచబడింది.

రాత్రంతా సాగే గ్రామీణ ప్రదర్శనలలో ఈ చట్రం క్రమంగా సడలింది. జనం కోరేది సుబ్బిశెట్టి ఘట్టం కాబట్టి అది పెరిగింది, బిల్వమంగళుడి పశ్చాత్తాపం తరిగింది. రచయిత రాయని సంభాషణలు నటుల నోట చేరాయి. వ్యసనం మీది వ్యంగ్యం కాస్తా ఆకారం మీదికి, మాటతీరు మీదికి, చివరకు కులం మీదికి జారింది. మూడు నిరపాయ మార్గాలలో మొదటిదైన సంస్కరణ లక్ష్యం ఇలా కనుమరుగైంది. మిగిలినవి రెండు: పట్టింపు లేకపోవడం, దూరం. ఆ రెండూ ప్రేక్షకులలో అధికసంఖ్యాకులకు ఉన్నాయి, ఊళ్లో ఉండే ఒకటి రెండు వైశ్య కుటుంబాలకు లేవు. నాటకం తెల్లవారుజామున ముగుస్తుంది. ఆ పేరు మాత్రం పగటిపూట దుకాణం ముందుకు వస్తే, అంగట్లో కూర్చున్న కుర్రవాడిని పిలిచే పేరుగా మారితే, పెళ్లిపాటకు ఉన్న ముగింపు దానికి లేనట్టే. బదులు చెప్పడానికి అతనికి రంగస్థలం కూడా లేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పల్లెలో వర్తకుడు బలహీనుడు కాడు. అప్పు ఇచ్చేది అతను, తూకం అతని చేతిలోది, పద్దు రాసేది అతను. అప్పులో ఉన్న రైతు ఒక రాత్రి పాటు వర్తకుడి పాత్రను చూసి నవ్వుకుంటే, అది పెళ్లిపాటలాగే కింది నుంచి పైకి పోయే వెక్కిరింత కాదా? ఈ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేం. అయితే బలం ఒకే కొలతతో తూగేది కాదు. డబ్బులో బలవంతుడైనవాడు సంఖ్యలో, గౌరవంలో బలహీనుడు కావచ్చు. రైతు నవ్వు వడ్డీ మీద, దొంగ తూకం మీద అయితే అది అతనిని పీడించిన బలాన్నే తాకుతుంది. శరీరం మీద, కులం మీద అయితే వర్తకుడు బలహీనంగా ఉన్న చోటును వెతికి తాకుతుంది. తొలి రకం నవ్వులో పేదరైతు పక్షాన న్యాయం ఉంది. రెండో రకం నవ్వు ఆ న్యాయాన్ని అడ్డుపెట్టుకుని సాగుతుంది. రెండింటినీ ఒకే పాత్ర మోయడం వల్లనే ఈ వివాదంలో ఇరుపక్షాలూ తమతమ అనుభవాన్ని నిజాయితీగానే చెప్పగలిగాయి.

అలాగని నిషేధం సరైనదని దీని నుంచి తేలదు. ఒక మాట క్రూరమైనదని చెప్పడం నైతిక నిర్ణయం. దానిని రాజ్యం ఆపాలనడం వేరొక నిర్ణయం. పైగా నష్టం ప్రధానంగా చేరికలలో ఉన్నప్పుడు మొత్తం ప్రదర్శనను ఆపడం వల్ల చేరికలతో పాటు, వాటిని సరిదిద్దగల మూలచట్రం కూడా వేదిక మీది నుంచి తొలగిపోతుంది. పెళ్లిపాటల సమాజం హద్దు మీరిన పాటను ఆపడానికి పాటలన్నిటినీ మానలేదు. ఏ ఇంట్లో ఏది పాడకూడదో పెద్ద ముత్తయిదువ ముందే చెప్పేది.

5. యాస: అదే ఉల్లంఘన, మారిన నిరపాయత

ఉల్లంఘన మారకుండా నిరపాయత మాత్రమే మారితే ఏమవుతుందో చూడటానికి తెలంగాణ యాస మంచి ఉదాహరణ. ప్రామాణిక భాష వినిపించవలసిన చోట యాస వినిపించడం ఒక నియమభంగం. ఆ భంగాన్ని తెలుగు సినిమా చాలాకాలం ప్రతినాయకులకూ హాస్యపాత్రలకూ కేటాయించింది. ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు పోషించిన దుష్ట రాజకీయ నాయకుడి పాత్ర ఆ యాసతోనే ప్రసిద్ధి కెక్కింది. నటనలోని ప్రతిభ కాదనలేనిది. కాని నాయకుడి నోట ఎన్నడూ వినిపించని యాస ప్రతినాయకుడి నోటా, విదూషకుడి నోటా మాత్రమే వినిపిస్తుంటే, ఆ యాస మాట్లాడే ప్రేక్షకుడికి సందేశం వేరుగా అందుతుంది. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ ఫిర్యాదు పదే పదే వినిపించింది. ఆ ఉద్యమానికి ముఖ్య వేదికలలో ఒకటైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి అది సినిమా చర్చ మాత్రమే కాదు, తరగతి గదిలో నోరు విప్పడానికి జంకే విద్యార్థి సమస్య.

ఆ ప్రాంగణం నుంచి తార్నాక దాకా ఉండే హాస్టళ్లలో, టీకొట్లలో ఒక సాధారణ దృశ్యం ఈ తేడాను చక్కగా చూపుతుంది. పాలమూరు పిల్లవాడు కరీంనగర్ పిల్లవాడి మాటతీరును అనుకరించి ‘ఏందిరా బై, గట్ల మాట్లాడ్తవ్?’ అని ఆటపట్టిస్తాడు. వాడు బదులుగా వీడి ఊరి మాటను సాగదీసి అంటాడు. ఇద్దరూ నవ్వుతారు, టీ ఎవరు తాగిస్తారన్న దగ్గర విషయం ముగుస్తుంది. అదే అనుకరణను ఉద్యోగానికి ముఖాముఖి జరిపేవాడు చేస్తే కుర్రవాడి ముఖం మాడిపోతుంది. మొదటి సందర్భంలో బదులు ఉంది, సమానత ఉంది, మాటకు మాటే మూల్యం. రెండో సందర్భంలో మాటకు మూల్యం ఉద్యోగం.

2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత తెరమీద యాస స్థానం మారింది. ‘పెళ్ళిచూపులు’ (2016)లో నాయకుడి స్నేహితుడి పాత్ర తెలంగాణ యాసలోనే మాట్లాడుతుంది, హాస్యపాత్రే. అయినా దానిని తెలంగాణ ప్రేక్షకులు తమదిగా చేసుకున్నారు. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి అయిన కథానాయిక ఆ యాసలోనే ఆత్మగౌరవంతో మాట్లాడుతుంది. హాస్యపాత్రకు యాస ఉండటమే తప్పయితే మొదటి సినిమా కూడా నొప్పించి ఉండాలి. నొప్పించకపోవడానికి కారణాలు రెండు. ఆ పాత్ర యాస వల్ల నవ్వించదు, యాసలో నవ్విస్తుంది. నవ్వు అతని తిక్క మీద, అతని సమయస్ఫూర్తి మీద. రెండవది, యాసకు అప్పటికి మరో చోటు దొరికింది. ఒక భాషారూపానికి నాయిక, స్నేహితుడు, పాలకుడు అన్న స్థానాలన్నీ అందుబాటులో ఉన్నప్పుడు దానిలో ఒక విదూషకుడు ఉండటం అపాయం కాదు. విదూషకుడి స్థానం ఒక్కటే ఉన్నప్పుడు అది అపాయం. నిరపాయత మాటలో మాత్రమే ఉండదనీ, మాట చుట్టూ ఉన్న లోకం దానిని సమకూరుస్తుందనీ ఈ ఉదాహరణ చెబుతుంది.

6. సిద్ధాంతానికి పరిమితులు

ఈ సిద్ధాంతం మీద వచ్చే ముఖ్యమైన విమర్శ దాని చక్రదోషం. నవ్వు వస్తే నిరపాయం, రాకపోతే నిరపాయం కాదు అని ఫలితాన్ని చూసి కారణాన్ని చెబితే అది వివరణ కాదు. పై మూడు సందర్భాల నుంచి నవ్వుతో సంబంధం లేకుండా ముందుగానే గుర్తించగల కొన్ని ఆనవాళ్లు తీయవచ్చు. పడినవారికి అదే స్థాయిలో బదులు చెప్పే వీలుందా? మాట స్థానాన్ని తాకుతుందా, వ్యక్తి మార్చుకోలేని దానిని తాకుతుందా? వేడుక ముగియగానే మాట ముగుస్తుందా, వెంట నడుస్తుందా? ఈ మూడింటికీ నవ్వు పుట్టకముందే సమాధానం చెప్పవచ్చు. వియ్యపురాలి పాట మూడింటిలోనూ నెగ్గుతుంది, పెళ్లికూతురి ఛాయ మీది మాట మూడింటిలోనూ ఓడుతుంది. సుబ్బిశెట్టి కాళ్లకూరి రచనలో ఒకలా, ఊరి ప్రదర్శనలో మరోలా తూగుతాడు.

రెండవ పరిమితి ఇంకా లోతైనది. సిద్ధాంతం ‘నిరపాయంగా తోచడం’ అంటుంది. ఎవరికి తోచడం అన్నది చెప్పదు. చర్చి ఉదంతంలో వెళ్లనివారు నవ్వారు, వారికి అది నిరపాయం. దూరం వల్ల, పట్టింపు లేకపోవడం వల్ల కలిగే నిరపాయత అంటే చాలా సందర్భాలలో అవతలివాడి నొప్పి తనకు తగలకపోవడమే. అంటే క్రూరమైన వెక్కిరింతకు కూడా గుంపు మనస్ఫూర్తిగా నవ్వగలదు. ఆ నవ్వు నటన కాదు, సిద్ధాంతం ప్రకారం అది అసలైన నవ్వే. కాబట్టి ‘అందరూ నవ్వారు కదా’ అన్న సమర్థన ఒక మనస్తత్వ వాస్తవమే తప్ప నైతిక సమాధానం కాదు. నిరపాయతకు ఉన్న మూడు మార్గాలలో నైతికంగా మూడూ సమానం కావు. ప్రత్యామ్నాయ కట్టుబాటును పడినవారు కూడా పంచుకోగలరు. పట్టింపు లేకపోవడం, దూరం అన్నవి తరచుగా చూసేవారి సొత్తు మాత్రమే.

పడినవారి నవ్వును గీటురాయిగా తీసుకుంటే సమస్య తీరుతుందా? పూర్తిగా తీరదు. అత్తగారి మాటకు పెళ్లికూతురు నవ్వవచ్చు. ముఖాముఖిలో కుర్రవాడూ నవ్వవచ్చు. నవ్వకపోతే ఇంకా నష్టమని వారికి తెలుసు. కాబట్టి చూడవలసింది వారు నవ్వారా అన్నది కాదు, నవ్వకుండా ఉండగలిగే స్వేచ్ఛ వారికి ఉందా అన్నది. వియ్యపురాలికి ఆ స్వేచ్ఛ ఉంది. ఆమె మూతి ముడిస్తే పాడేవారే పాట మారుస్తారు, బతిమాలుతారు. అలిగే హక్కు ఉన్నవారి మీద విసిరిన మాట పరిహాసమవుతుంది. ఆ హక్కు లేనివారి మీద విసిరినది, ఎంతమంది నవ్వినా, పరాభవంగానే మిగులుతుంది. తెలుగు పెళ్లి వరుడికి అలకపాన్పు వేస్తుంది, వధువుకు వేయదు. వేడుకలో ఎవరి మీది మాట ఎటు తిరుగుతుందో ఆ ఒక్క ఏర్పాటులోనే తెలిసిపోతుంది.